తక్కువ కరెంటే తీగను కాల్చింది

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో రెండేళ్ళ కిందట చూసిన ఆకుపచ్చ వైరు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. ఆకుపచ్చ అంటున్నాను గానీ, నేను చూసేసరికి అది ముదురు గోధుమ రంగులోకి తిరిగింది. మెయిన్ ప్యానెల్ నుంచి కండెన్సర్ పంపుల ప్యానెల్ దాకా 90 మీటర్ల ట్రేలో, కరెంటు కేబులుకి ప్లాస్టిక్ టైలతో కట్టిన 4 స్క్వేర్ ఎంఎం రాగి ఎర్తు వైరు అది. పీవీసీ కరిగి ట్రే రంధ్రాల్లోకి జారి, అక్కడే గడ్డకట్టింది. చేత్తో లాగితే పొట్టు ఊడినట్టు తొడుగు ఊడొచ్చింది. ఒక చోట మాత్రమే కాదు, మొదటి నుంచి చివరిదాకా అంతా అలాగే ఉంది. జాయింటు లూజైతే ఒక్క చోట కాలుతుంది. తీగ పొడవునా ఒకే తీరున కాలిందంటే, ఆ తీగ మోయలేనంత కరెంటు, అది ఓర్చుకోలేనంత సేపు పారిందని అర్థం.

అక్కడి ఎలక్ట్రీషియన్ జరిగింది చెప్పాడు. పంపుల ప్యానెల్లోకి వచ్చే ఇన్‌కమర్ దగ్గర లగ్గు ఊడి, ఒక ఫేజు ప్యానెల్ బాడీకి తగిలింది. "లైట్లు డల్లయినయ్ సార్. ఏదో కాలుతున్న వాసన. మేం ఇటు నుంచి మెయిన్ దగ్గరికి పరిగెత్తేలోపు ఫ్యూజు పోయింది. లగ్గు వేసి, ఫ్యూజు మార్చాం, నడుస్తోంది." ఎంత సేపు పట్టిందని అడిగితే, ఒక బీడీ ముట్టించుకుని రెండు దమ్ములు లాగేంత సేపన్నాడు. అర నిమిషం అనుకుందాం. ఆ అర నిమిషమే ఈ వ్యాసానికి కారణం.

## లెక్క తప్పలేదు

ఆ పని డిజైను చేసిన కుర్రాడు నాకు తెలిసినవాడే, శ్రద్ధ ఉన్నవాడు. ఫోన్ చేస్తే వెంటనే కాలిక్యులేషన్ షీటు పంపాడు. "అన్నా, అడయబాటిక్ చెక్ చేశాను, పాసయింది, చూడండి" అన్నాడు. చూశాను. నిజంగానే పాసయింది.

```
S = √(I²t) / k
```

ఈ సూత్రం చెప్పేది ఒక్కటే. ఫాల్టు జరిగిన ఆ కాస్త సమయంలో తీగలో పుట్టిన వేడి బయటికి పోవడానికి వ్యవధి ఉండదు, మొత్తం లోహంలోనే ఉండిపోతుంది. ఆ వేడికి తొడుగు పాడవకూడదంటే తీగ కనీసం ఇంత మందం ఉండాలి. I ఫాల్టు కరెంటు, t ఫ్యూజు పోవడానికి పట్టే సమయం, k లోహం ఏదో, తొడుగు ఏదో, ఎంత వేడి నుంచి ఎంత వేడి దాకా పోనిస్తామో దాన్ని బట్టి వచ్చే అంకె. విడిగా లాగిన పీవీసీ రాగి తీగకి, 30 డిగ్రీల నుంచి 160 దాకా, k విలువ 143.

అతని షీటులో ట్రాన్స్‌ఫార్మర్ 315 కేవీఏ, ఇంపెడెన్సు 4.5 శాతం. దాన్ని బట్టి మెయిన్ ప్యానెల్ దగ్గర ఫాల్టు కరెంటు సుమారు 9,300 ఆంపియర్లు. ఫీడరుకి 100 ఆంపియర్ల హెచ్ఆర్‌సీ ఫ్యూజు. అంత కరెంటుకి హెచ్ఆర్‌సీ ఫ్యూజు ఒక సైకిల్ కూడా పూర్తి కాకముందే తెగుతుంది, కరెంటుని శిఖరం దాకా ఎక్కనివ్వదు. అందుకని I, t విడివిడిగా వేయకుండా, తయారీదారు కేటలాగులోని మొత్తం I²t విలువ తీసుకున్నాడు. అలా తీసుకోవడమే సరైన పద్ధతి, చాలామంది అది కూడా చెయ్యరు. ఈ సైజు ఫ్యూజుకి ఆ విలువ సాధారణంగా రెండు లక్షల ఆంపియర్ స్క్వేర్ సెకన్లకు లోపే ఉంటుంది. రెండు లక్షలే అనుకున్నా వర్గమూలం 447, దాన్ని 143తో భాగిస్తే 3.1. కాబట్టి 4 స్క్వేర్ ఎంఎం చాలు. కూడికలో, భాగహారంలో, కేటలాగు చదవడంలో ఎక్కడా పొరపాటు లేదు.

పొరపాటల్లా ఫాల్టు ఎక్కడ జరుగుతుందని ఊహించాడన్న దాంట్లో ఉంది. అతని లెక్క మెయిన్ ప్యానెల్ పక్కనే, కేబులు మొదట్లో ఫాల్టు జరిగితే వర్తిస్తుంది. జరిగింది 90 మీటర్ల అవతల. అక్కడ 9,300 ఆంపియర్లు ఉండవు, 400 కూడా లేవు. ఇన్నేళ్ళుగా షీట్లు చూస్తూ నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఎర్తు తీగ వేడి పరీక్షని అతిపెద్ద ఫాల్టు కరెంటు దగ్గర మాత్రమే చేసి వదిలేస్తే, ఫ్యూజు ఉన్న సర్క్యూట్లో ఆ పరీక్ష చేసినట్టే కాదు. అక్కడ అతి చిన్న ఫాల్టు కరెంటే అసలు పరీక్ష.

## ఫ్యూజు ఎందుకు ఇలా ప్రవర్తిస్తుంది

పెద్ద కరెంటు ఎక్కువ కాల్చాలి కదా, చిన్నది ఎందుకు కాలుస్తుందని అడుగుతారు. సూత్రంలో కరెంటుకి వర్గం ఉంది, సమయానికి లేదు. కాబట్టి కరెంటు సగమైతే, సమయం నాలుగు రెట్లు పెరిగే దాకా నష్టం లేదు. కానీ ఫ్యూజు అక్కడ ఆగదు. కరెంటు సగమైతే దాని సమయం నాలుగు రెట్లు కాదు, పదిహేను, ఇరవై రెట్లు పెరుగుతుంది.

ఐఈసీ 60269 ప్రమాణంలో 100 ఆంపియర్ల జీజీ ఫ్యూజుకి పెట్టిన హద్దులే చూడండి. 1,450 ఆంపియర్ల దగ్గర అది 0.1 సెకనులోపు పోవాలి. 580 ఆంపియర్ల దగ్గర 5 సెకన్లలోపు పోవాలి. మొదటి దానికి I²t సుమారు 2.1 లక్షలు. రెండో దానికి 16.8 లక్షలు. కరెంటు రెండున్నర రెట్లు తగ్గితే తీగలో పడే వేడి ఎనిమిది రెట్లు పెరిగింది. k 143 వేసి సైజు లెక్కిస్తే మొదటి చోట 3.2 స్క్వేర్ ఎంఎం, రెండో చోట 9.1.

అంటే ఫ్యూజు కర్వు మీద కుడివైపు, ఎక్కువ కరెంటు దగ్గర, అది తీగకి కాపలా కాస్తుంది. ఎడమవైపుకి జరిగేకొద్దీ తీగని వదిలేస్తూ పోతుంది. ఎంత ఎడమకి జరుగుతామన్నది మనం వేసే తీగే నిర్ణయిస్తుంది. చాలా షీట్లలో కనిపించని ముడి ఇక్కడే ఉంది.

## నాలుగు తీగలు వేసి చూద్దాం

సూత్రాన్ని చూస్తే కుడివైపు I, t, k ఉన్నాయి, ఎడమవైపు S వస్తుంది అనిపిస్తుంది. కానీ I ఎక్కడి నుంచి వచ్చింది? ఫేజు తీగ రెసిస్టెన్సు, ఎర్తు తీగ రెసిస్టెన్సు, ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్సు, మూడూ కలిపిన లూపులోంచి వచ్చింది. ఎర్తు తీగ రెసిస్టెన్సు S మీద ఆధారపడుతుంది. I మారితే కర్వు మీద t కూడా మారుతుంది. కాబట్టి S రెండు వైపులా ఉంది. ఒక సైజు అనుకోవాలి, ఆ సైజుతో కరెంటు లెక్కించాలి, కర్వు మీద సమయం చదవాలి, ఆ తర్వాతే సూత్రంలో వేసి, అనుకున్న సైజు సరిపోయిందా అని చూడాలి.

ఆ కోల్డ్ స్టోరేజీ లూపే తీసుకుందాం. ఫేజు తీగ 35 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం, ఎక్స్ఎల్‌పీఈ. 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకి 0.868 ఓమ్. 90 మీటర్లకి, 90 డిగ్రీల వేడి మీద, సుమారు 0.10 ఓమ్. ట్రాన్స్‌ఫార్మర్ 0.03 అనుకుందాం. ఇక ఎర్తు తీగ. ఫాల్టు సమయంలో అది 30 నుంచి 160 దాకా వేడెక్కుతుందనుకుంటే సగటున 95 డిగ్రీలు, అక్కడ రాగి రెసిస్టెన్సు చల్లగా ఉన్నప్పటికంటే 1.3 రెట్లు. ఈ 1.3ని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

వాళ్ళు వేసిన 4 స్క్వేర్ ఎంఎం ముందు చూద్దాం. 90 మీటర్లకి చల్లగా 0.415 ఓమ్, వేడి మీద 0.54. లూపు మొత్తం 0.67. 240 వోల్టులకి 360 ఆంపియర్లు. 100 ఆంపియర్ల ఫ్యూజుకి అది మూడున్నర రెట్లే. పై రెండు హద్దుల్నీ లాగ్ కాగితం మీద గీతతో కలిపి కిందికి పొడిగిస్తే సుమారు 40 సెకన్లు వస్తుంది. ఎలక్ట్రీషియన్ చెప్పిన బీడీ లెక్కకి ఇది దగ్గరగానే ఉంది. సూత్రంలో వేస్తే కావలసిన సైజు దాదాపు 16. వేసింది 4.

సరే, 6 వేద్దాం. లూపు 0.49, కరెంటు 490, సమయం 10 సెకన్ల దగ్గర, కావలసిన సైజు 10.8. ఇదీ చాలలేదు. 10 వేస్తే లూపు 0.34, కరెంటు 700, సమయం 2.2 సెకన్లు, కావలసింది 7.3. ఇక్కడ దాటాం. 16 వేస్తే కరెంటు 910, సమయం ముప్పావు సెకను, కావలసింది 5.4 మాత్రమే.

ఈ వరస ఒకసారి నెమ్మదిగా చూడండి. 4 వేస్తే 16 కావాలంటుంది. 16 వేస్తే 5.4 చాలంటుంది. మనం తీగ మందం పెంచేకొద్దీ, కావలసిన మందం తగ్గిపోతోంది. ఎందుకంటే మందమైన తీగ రెండు పనులు చేస్తోంది: తాను ఎక్కువ వేడి ఓర్చుకుంటోంది, ఫ్యూజుని త్వరగా తెగేలా కూడా చేస్తోంది. సన్నతీగ రెండు వైపులా ఓడిపోతుంది. అందుకే ఇక్కడ "కొంచెం తక్కువైంది" అనే మాట ఉండదు. 6 నుంచి 10కి ఒక్క మెట్టు ఎక్కితే ఓటమి నుంచి గెలుపుకి వచ్చేశాం, ఒక్క మెట్టు దిగితే తొడుగు కరుగుతుంది.

ఇంకో విషయం కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది. 4 స్క్వేర్ ఎంఎంతో ఆ 40 సెకన్లూ పంపుల ప్యానెల్ బాడీ మీద ఎంత వోల్టేజీ ఉంది? 360 ఆంపియర్లు, 0.54 ఓమ్: సుమారు 190 వోల్టులు. తడి నేల మీద నిలబడే పంపుల గది అది. ఎవరూ దాన్ని ముట్టుకోకపోవడం ఆ రోజు అదృష్టం. లైట్లు డల్లయ్యాయని చూడడానికి ఎవరైనా ఆ ప్యానెల్ తలుపు తీసి ఉంటే నేను ఈ వ్యాసం ఇంకోలా రాయాల్సి వచ్చేది.

## కట్టిన తీగకి k మారుతుంది

ఆ కుర్రాడితో మాట్లాడుతున్నప్పుడు ఇంకో చిన్న విషయం బయటపడింది. అతను k 143 వేశాడు. అది విడిగా, కేబుళ్ళతో కలిపి కట్టకుండా లాగిన తీగకి. అది 30 డిగ్రీల నుంచి మొదలవుతుందన్న లెక్క. సైటులో కాంట్రాక్టరు మనుషులు దాన్ని అడుగడుక్కీ టై వేసి కరెంటు కేబులుకి బిగించారు. లోడు మీద ఉన్న కేబులుని ఆనుకుని ఉన్న తీగ 30 దగ్గర ఉండదు. అలాంటి చోట కేబులు లోపలి కోరుకి వేసే విలువే వెయ్యాలి: పీవీసీ రాగికి 70 నుంచి 160 దాకా, 115.

115 వేస్తే మన 10 స్క్వేర్ ఎంఎంకి కావలసిన సైజు 7.3 నుంచి 9.0కి పెరుగుతుంది. ఇంకా పాసే, కానీ ఊపిరి పీల్చుకునే జాగా పోయింది. 70 దగ్గర మొదలైన తీగ రెసిస్టెన్సు కూడా కాస్త ఎక్కువే ఉంటుంది, దాంతో కరెంటు ఇంకా తగ్గుతుంది. అందుకే అక్కడ 16 వెయ్యమన్నాను. డ్రాయింగు మీద k రాసేవాడికి, ట్రే మీద టై బిగించేవాడికి మధ్య మాట లేకపోతే ఇలాగే ఉంటుంది. ట్రేలో కేబులుకి ఒక పక్కగా విడిగా పడుకోబెడితే 143, కలిపి కడితే 115. పది రూపాయల టై ప్యాకెట్టు k విలువని మార్చేస్తుంది.

ఇంకో మాట. తీగ 160 దాటితే దాని తొడుగు మాత్రమే పోదు. దానికి ఆనుకున్న కరెంటు కేబులు పైతొడుగు కూడా పీవీసీయే. ఆ ట్రేలో టైలు ఉన్న చోటల్లా కేబులు మీద గీతల్లా కాలిన మచ్చలున్నాయి. ఫ్యూజు మార్చి నడిపిస్తున్న కేబులు అది. నేను దాన్ని మెగ్గరుతో చూసే దాకా లోడు ఎక్కించొద్దన్నాను. యజమాని సీజను పోతుందన్నాడు. ఆ రోజు చాలా సేపు వాదించాల్సి వచ్చింది.

## నాకు ఎదురైన అభ్యంతరాలు

ఈ మాట చెప్పినప్పుడల్లా మూడు అభ్యంతరాలు వస్తాయి. మూడింట్లోనూ కొంత నిజముంది కాబట్టి దాటవేయను.

మొదటిది: సూత్రం 5 సెకన్ల దాకానే కదా, 40 సెకన్లకి దాన్ని ఎలా వాడతారు? నిజమే. అంత సేపట్లో తీగ గాలికి, ట్రేకి వేడి వదులుతుంది. కాబట్టి సూత్రం చెప్పిన 16 అన్నది ఎక్కువ చేసి చెప్పిన అంకె, అసలు అవసరం అంతకంటే తక్కువే. కానీ కాలిన తీగ కళ్ళ ముందుంది. పైగా ఈ అభ్యంతరం నా వైపే పని చేస్తుంది. సమయం 5 సెకన్లు దాటిందంటే, సూత్రం సరిగ్గా పలుకుతుందా లేదా అని తర్కించే ముందే ఆ డిజైను ఆగిపోవాలి, ఎందుకంటే ఇలాంటి ఫీడరుకి ఫాల్టు 5 సెకన్లలో తెగాలన్నదే షాకు నుంచి రక్షణకి పెట్టిన హద్దు. వేడి పరీక్ష ఫెయిలవడానికీ, షాకు పరీక్ష ఫెయిలవడానికీ ఇక్కడ కారణం ఒకటే: లూపు ఎక్కువ, కరెంటు తక్కువ.

రెండోది: పట్టికే ఉంది కదా, ఈ లెక్కంతా ఎందుకు? ఫేజు 16 దాకా ఎంతో ఎర్తూ అంతే, 16 నుంచి 35 దాకా 16, ఆపైన సగం. 35కి 16 అని పట్టిక చూసి వేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఇది ఒప్పుకుంటాను. ఆ పట్టిక ఫేజు, ఎర్తు ఒకే లోహమన్న లెక్కతో రాసింది. ఇక్కడ ఫేజు అల్యూమినియం, ఎర్తు రాగి కాబట్టి ఇంకాస్త మేలే జరుగుతుంది. లెక్క చేతకానివాడు, సమయం లేనివాడు పట్టిక వాడితే నేను తప్పు పట్టను. కానీ పట్టికకి పొడవు తెలియదు. అదే ఫీడరు 90 మీటర్లు కాక 250 మీటర్లు ఉందనుకోండి. 16 స్క్వేర్ ఎంఎంతోనే లూపు 0.68కి పోతుంది, కరెంటు 350 దగ్గర ఆగుతుంది, మళ్ళీ 40 సెకన్లు, కావలసిన సైజు మళ్ళీ 16 అంచుకి వస్తుంది. పట్టిక ప్రకారం వేసిన తీగ కూడా అక్కడ కాలకపోవచ్చు గానీ, ప్యానెల్ బాడీ మాత్రం 130 వోల్టుల మీద అంత సేపూ ఉంటుంది.

మూడోది అన్నిటికంటే గట్టిగా వినిపించేది: ఎర్త్ లీకేజీ రిలే పెడితే సరిపోదా? అర ఆంపియరు తేడాకే మూడు వంతుల్లో ఒక వంతు సెకనులో తెంచేస్తే, 360 ఆంపియర్లు పారినా 4 స్క్వేర్ ఎంఎంకి ఏమీ కాదు. నిజం. 360 ఆంపియర్లు, 0.3 సెకను వేసి చూస్తే కావలసిన సైజు 1.4 మాత్రమే. లెక్క ప్రకారం దీన్ని కాదనలేను. పొడవైన ఫీడర్లకి నేనూ అది పెట్టమనే చెబుతాను. నా అభ్యంతరం లెక్కతో కాదు. ఆ కోల్డ్ స్టోరేజీలో మెయిన్ ప్యానెల్ మీద ఎర్త్ లీకేజీ రిలే ఉంది. వానాకాలం ఊరికే ట్రిప్ అవుతోందని దాని ట్రిప్ వైరు తీసి, చివర టేపు చుట్టి, పక్కన మడిచి పెట్టారు. ముందు తలుపు మీద రిలే దీపం వెలుగుతూనే ఉంది. ఎవరి మీదా నింద వేయను, కంప్రెసరు ఆగితే మిర్చి బస్తాలు పాడవుతాయన్న భయం నాకు తెలుసు. కానీ ట్రేలో పడుకున్న 16 స్క్వేర్ ఎంఎం రాగిని ఎవరూ వైరు తీసి టేపు చుట్టలేరు. రిలే అదనపు కాపలాగా ఉండనివ్వండి. తీగ మాత్రం రిలే లేదనుకునే లెక్కించాలి.

యజమాని అడిగిన నాలుగో ప్రశ్న ఒకటుంది, అది ఇంజనీర్లు అడిగేది కాదు గానీ మన దగ్గర ప్రతి చోటా వస్తుంది. "ఇంకో రెండు ఎర్తు పిట్లు వేయిద్దామా? ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పోయిస్తాను." ఆయన అడిగిన తీరులో నిజంగా ఏదో ఒకటి చెయ్యాలన్న తపన ఉంది. నేను నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాను. ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడే మన ఆవరణలో ఉంది. ఫాల్టు కరెంటు ఆకుపచ్చ తీగ పట్టుకుని న్యూట్రల్‌కి తిరిగి వెళ్ళాలి. మట్టిలోంచి పోవాలంటే పిట్టు ఒక్క ఓమ్ ఉన్నా, అవతలి పిట్టు ఇంకో ఓమ్ ఉన్నా, 240 వోల్టులకి 120 ఆంపియర్లే. 100 ఆంపియర్ల ఫ్యూజు ఆ కరెంటుని అలాగే మోస్తూ కూర్చుంటుంది. పిట్టుకి దాని పని దానికుంది, ఈ తీగ పని అది చెయ్యలేదు.

## నాకే ఉన్న సందేహం

ఇంత చెప్పాక ఒక హద్దు కూడా చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఎవరైనా చిన్న కరెంటు ఒక్కటే చూసి పెద్దది వదిలేస్తారు. "చిన్న కరెంటే ప్రమాదం" అన్నది ఫ్యూజుకి సరిపోయే మాట. బ్రేకరుకి అది సగమే నిజం.

ఎంసీసీబీలో మాగ్నెటిక్ ట్రిప్ పనిచేసే చోట సమయం దాదాపు స్థిరం. అక్కడ కరెంటు పెరిగేకొద్దీ I²t పెరుగుతుంది, కాబట్టి ప్యానెల్ దగ్గరి పెద్ద ఫాల్టే పరీక్ష. మెయిన్ ఏసీబీకి కింది బ్రేకర్ల కోసం 0.4 సెకను ఆలస్యం పెట్టి ఉంటే అది ఇంకా స్పష్టం: 9,300 ఆంపియర్లు, 0.4 సెకను, k 143 వేస్తే 41 స్క్వేర్ ఎంఎం కావాలి. అదే ఎంసీసీబీలో కరెంటు మాగ్నెటిక్ సెట్టింగు కంటే కిందికి జారిందా, అప్పుడు థర్మల్ భాగం చేతిలోకి వస్తుంది, సమయం మిల్లీసెకన్ల నుంచి ఒక్కసారిగా పదుల సెకన్లకి దూకుతుంది. 100 ఆంపియర్ల ఎంసీసీబీ పది రెట్ల సెట్టింగు మీద ఉంటే ఆ గీత 1,000 ఆంపియర్ల దగ్గర ఉంది. మన 16 స్క్వేర్ ఎంఎంతో వచ్చిన 910 కూడా దానికి కిందే. అంటే ఫ్యూజుతో ముప్పావు సెకనులో తెగిన ఫాల్టు, ఫ్యూజు తీసి ఎంసీసీబీ పెడితే ఎన్నో సెకన్లు నిలబడవచ్చు. "పాత ఫ్యూజు యూనిట్లు తీసేసి బ్రేకర్లు పెట్టేశాం" అని ఎవరైనా సంతోషంగా చెబితే, మాగ్నెటిక్ సెట్టింగు ఎంతకి తిప్పారని అడుగుతాను. ఆరు రెట్లకి తగ్గించగలిగితే ఇక్కడ సరిపోతుంది, కానీ మోటార్లు స్టార్టయ్యేటప్పుడు ట్రిప్ కాకుండా చూసుకోవాలి.

కాబట్టి రెండు చివరలూ చూడాలి: తీగ మొదట్లో పెద్ద కరెంటు, తీగ చివర్లో చిన్న కరెంటు. పెద్దది అందరూ చూస్తారు, ఎందుకంటే ఆ అంకె ప్యానెల్ రేటింగు కోసం ఎలాగూ లెక్కించి ఉంటారు, షీటులో పైనే ఉంటుంది. చిన్నది ఎవరో ప్రత్యేకంగా కూర్చుని లెక్కించాలి. అందుకే అది మిగిలిపోతుంది.

## మీటరు ఏం చెప్పింది

కొత్త తీగ లాగించే ముందు, కాలిన తీగ ఉండగానే లూపు టెస్టరు పెట్టి చూశాను. పంపుల ప్యానెల్ దగ్గర 0.53 ఓమ్ చూపించింది. చల్లగా ఉన్న తీగకి లెక్క ప్రకారం 0.52 రావాలి. 240ని ఆ అంకెతో భాగిస్తే 450 ఆంపియర్లు వస్తాయి, చూసినవాళ్ళకి అది కాస్త మెరుగ్గా కనిపిస్తుంది. కానీ ఫాల్టు సమయంలో తీగ వేడెక్కి, రెసిస్టెన్సు పెరిగి, కరెంటు అక్కడి నుంచి 360కి జారిపోతుంది. అందుకని చల్లని రీడింగుని అలాగే నమ్మకూడదు. ఈ ఫ్యూజు 5 సెకన్లలో పోవడానికి 580 ఆంపియర్లు కావాలి, అంటే లూపు 0.41 దాటకూడదు. చల్లగా కొలిచినప్పుడు దానికి 0.8 వంతు, అంటే 0.33 లోపు ఉంటేనే ఒప్పుకోవాలి. ఎలక్ట్రీషియన్‌కి ఈ లెక్కంతా అక్కర్లేదు, ఆ ఒక్క అంకె చాలు. ప్యానెల్ తలుపు లోపల పెయింటు పెన్నుతో "100 ఫ్యూజు, లూపు 0.33 లోపు" అని రాశాను.

కొత్త 16 స్క్వేర్ ఎంఎం తీగని ట్రేలో కేబులుకి దూరంగా, రెండో అంచున వేయించాం. అది బిగించాక రీడింగు 0.21 వచ్చింది. ఎలక్ట్రీషియన్ ఆ అంకెని తలుపు మీద నా అంకె కింద తానే రాశాడు, తేదీ వేశాడు. తర్వాత మెట్లెక్కి, మెయిన్ ప్యానెల్లో ఎర్త్ లీకేజీ రిలే ట్రిప్ వైరుకి చుట్టిన టేపు విప్పాడు.

డిజైను చేసిన కుర్రాడు వారం తర్వాత ఇంకో ఫీడరు షీటు పంపాడు. ఈసారి ఒక్కో తీగకి రెండేసి వరసలున్నాయి, ఒకటి ప్యానెల్ దగ్గర ఫాల్టుకి, ఒకటి చివరి ఫాల్టుకి. రెండో వరసలో చల్లని రెసిస్టెన్సే వేశాడు. ఫోన్ చేసి 1.3 గుర్తు చేశాను.